ఐరన్‌మ్యాన్ పరుగు ఎంతలో ముగుస్తుందో సైకిల్ మీదే తేలిపోతుంది

మూడు ఆటల్ని ఒకే రోజున కలిపే ట్రయాథ్లాన్‌లో పూర్తి దూరం అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆ పైన 42.2 కిలోమీటర్ల పరుగు. ఉదయం ఏడింటికి నీళ్ళలో దిగితే మనలో చాలామందికి రాత్రి అయ్యేదాకా పూర్తి కాదు. చాలా పోటీల్లో మొత్తానికి ఇచ్చే గడువు సుమారు 17 గంటలు.

గల్ఫ్‌లో ఉంటూ మొదటిసారి ఈ దూరానికి సిద్ధమవుతున్న మన ఆడవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "పరుగు ఎంతలో ముగించగలను?" అడగవలసిన ప్రశ్నే. ఏడాది పాటు పిల్లల్ని లేపకుండా తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వీసాకీ టికెట్లకీ డబ్బు పోసి వెళ్ళేది చివరి పదిహేడు కిలోమీటర్లు కాళ్ళీడ్చుకుంటూ నడవడానికి కాదు కదా. కానీ ఈ ప్రశ్నకు జవాబు పరుగులో దొరకదు. దానికి ముందు ఆరేడు గంటలు సైకిల్ ఎలా తొక్కామన్న దాంట్లో దొరుకుతుంది. అందుకే ఈ వ్యాసంలో రెండు కొలతల గురించి మాట్లాడుకుందాం. పెడల్ మీద మనం పెట్టే శక్తిని వాట్లలో చూపే పవర్ మీటర్ ఒకటి, గుండె వేగం రెండోది. ఈ రెంటినీ కలిపి చదివితే పరుగుకు నిజాయితీ గల లక్ష్యం ఎలా వస్తుందో లెక్క వేసి చూద్దాం.

మన వదిన లెక్క

అంకెలు లేకుండా ఈ విషయం చెప్తే గాలిలో మేడలు కట్టినట్టే ఉంటుంది. కాబట్టి ఉదాహరణకి ఒకావిడను ఊహించుకుందాం. పేరెందుకు, వదిన అందాం. వయసు 42, బరువు 58 కిలోలు, ఉండేది జెడ్డాలో. చలికాలంలో జరిగే రియాద్ మారథాన్‌ని 4 గంటల 20 నిమిషాల్లో పూర్తి చేసింది. సెప్టెంబరులో ఇటలీలోని చెర్వియాలో జరిగే ఐరన్‌మ్యాన్‌కి పేరు ఇచ్చింది. ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరది. సైకిల్ దారి చాలావరకు చదునుగా ఉంటుంది, బెర్టినోరో అనే కొండ ఊరి వైపు మాత్రం ఒక ఎక్కుడు ఉంది.

మొదట వదినకు కావలసింది ఎఫ్‌టీపీ. అంటే సుమారు ఒక గంట పాటు గట్టిగా, ఆగకుండా తొక్కగలిగే వాట్లు. దీన్ని కొలవడానికి ఎక్కువమంది వాడే పద్ధతి 20 నిమిషాల పరీక్ష. బాగా వార్మప్ చేసి, ఐదు నిమిషాలు గట్టిగా తొక్కి, కాస్త తేరుకుని, తర్వాత 20 నిమిషాలు ఒకే ఊపులో ఎంత ఎక్కువ వీలైతే అంత తొక్కాలి. ఆ సగటులో 95 శాతం తీసుకోవాలి. వదిన సగటు 174 వాట్లు వచ్చింది. అందులో 95 శాతం అంటే 165. అదే ఆమె ఎఫ్‌టీపీ. గట్టి ప్రయత్నంలో నిలకడగా నిలిచే గుండె వేగాన్ని కూడా అలాగే పట్టుకోవాలి. ఆమెకు సైకిల్ మీద అది నిమిషానికి 163, పరుగులో 170. పరుగులో ఐదు నుంచి పది ఎక్కువ ఉండడం మామూలే, ఎందుకంటే పరుగులో ఒంటి బరువంతా మోయాలి, ఎక్కువ కండరాలు పని చేస్తాయి.

ఇక్కడ గల్ఫ్ వాళ్ళు గుర్తు పెట్టుకోవలసిన విషయం ఒకటుంది. ఇంట్లో ట్రైనర్ చూపే వాట్లూ, సైకిల్‌కి ఉన్న పవర్ మీటర్ చూపే వాట్లూ ఒకటి కాకపోవచ్చు. నాలుగైదు శాతం తేడా ఉన్నా 165 మీద ఏడెనిమిది వాట్లు అవుతుంది, మన ప్లాన్ తారుమారు కావడానికి అది చాలు. అందుకని ఇంట్లో తొక్కేటప్పుడు కూడా సైకిల్ మీటర్ అంకెనే చూడండి, పోటీలో కనబడేది అదే. రెండోది, ఏసీ గదిలోంచి సైకిల్‌ని 38 డిగ్రీల ఎండలోకి తెస్తే లోహం వేడెక్కి మీటర్ సున్నా కాస్త జరుగుతుంది. బయట పది పదిహేను నిమిషాలు ఉంచి, తర్వాత మీటర్‌ని సున్నాకి సరి చేసి బయలుదేరండి. పోటీ రోజు ఉదయం కూడా ఇదే పని.

పన్నెండు వాట్ల ఆశ

పూర్తి దూరంలో సైకిల్‌ని ఎఫ్‌టీపీలో ఎంత శాతంతో తొక్కాలి? బాగా అనుభవం ఉండి ఐదు గంటల్లో ముగించేవాళ్ళు 75 శాతం దగ్గర తొక్కగలరు. ఆరున్నర, ఏడు గంటలు పట్టేవాళ్ళకు అది కుదరదు, ఎందుకంటే అంతకన్నా గంటన్నర, రెండు గంటలు ఎక్కువ సేపు సీటు మీద ఉండాలి. అలాంటివారికి 62 నుంచి 68 శాతం మధ్య సరైన చోటు. వదినకు 65 శాతం పెడదాం, అంటే 107 వాట్లు.

శిక్షణలో 107 వాట్లు ఆటలా అనిపిస్తుంది. అందుకే పోటీ రోజు చేయి అదుపు తప్పుతుంది. "ఇంకో పన్నెండు వాట్లు పెడితే ఏం పోయింది" అనిపిస్తుంది. ఏం పోయిందో చూద్దాం.

చదును దారిలో సైకిల్‌ని వెనక్కి లాగేది ప్రధానంగా గాలి. వేగం పెరిగే కొద్దీ గాలిని కోయడానికి కావలసిన శక్తి వేగం కన్నా చాలా తొందరగా పెరుగుతుంది. వదిన బరువుకీ, ఆమె ఏరోబార్ మీద వంగి కూర్చునే తీరుకీ లెక్క కడితే 107 వాట్లకు గంటకు సుమారు 28.4 కిలోమీటర్లు, 119 వాట్లకు 29.6 వస్తుంది. మలుపులూ, నీళ్ళ సీసాలు అందుకోవడం, గాలులూ కలుపుకుని మొదటిదానికి 6 గంటల 40 నిమిషాలు అనుకుంటే, రెండోదానికి 6 గంటల 24 నిమిషాలు పడుతుంది. పన్నెండు వాట్లు ఎక్కువ పెట్టి మిగుల్చుకున్నది 16 నిమిషాలు.

ఇప్పుడు ఖర్చు చూడండి. ఒక గంట ఎఫ్‌టీపీలో తొక్కితే ఒంటికి కలిగే శ్రమను 100 మార్కులు అనుకుందాం. ఈ లెక్కకు గంటలను, శాతం వర్గంతో గుణించి, వందతో గుణిస్తారు. 65 శాతంతో 6 గంటల 40 నిమిషాలకు సుమారు 280 మార్కులు. 72 శాతంతో 6 గంటల 24 నిమిషాలకు 330 దాటుతుంది. తర్వాత మారథాన్ పరిగెత్తవలసిన మామూలు వాళ్ళకు చాలామంది కోచ్‌లు 280, మహా అయితే 300 దగ్గర గీత గీస్తారు.

మార్కుల మాట పక్కన పెట్టి తిండి వైపు నుంచి చూసినా అదే కనబడుతుంది. 107 వాట్లతో 6 గంటల 40 నిమిషాలు తొక్కితే పెడల్ మీద పడే పని సుమారు 2,570 కిలోజూల్స్. మన ఒంటి సామర్థ్యం వల్ల ఆ అంకె దాదాపు అంతే కిలో కెలోరీల ఖర్చుకు సమానం. 119 వాట్లకు 2,740. చూడడానికి పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడంటే, శ్రమ శాతం పెరిగే కొద్దీ ఒళ్ళు కొవ్వును తక్కువగా, కండరాల్లో దాచుకున్న పిండిపదార్థాన్ని ఎక్కువగా వాడుతుంది. ఆ నిల్వ పదహారు వందల నుంచి రెండు వేల కెలోరీలకు మించదు. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం తిన్నా లోపలికి చేరేది 240 కెలోరీలే. సైకిల్ మీద ఆ డబ్బాను అడుగు దాకా గీకేస్తే పరుగులో 25వ కిలోమీటరు దగ్గర చేతికేమీ తగలదు.

గుండె వేగం ఎందుకు పెరుగుతుంది

వాట్లు మనం పెట్టే పనిని చెప్తాయి. ఆ పనికి ఒళ్ళు ఎంత ధర చెల్లిస్తోందో గుండె వేగం చెప్తుంది. రెండూ కలిసి ఉన్నంతసేపు అంతా బాగున్నట్టు. విడిపోవడం మొదలైతే ఏదో జరుగుతోందన్నమాట.

జెడ్డా వేసవిలో తెల్లవారుజామున కూడా ఉక్కగా ఉంటుంది. రియాద్‌లో వేడి ఎక్కువైనా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. జెడ్డా తేమలో చెమట ఆరదు, కారిపోతుంది. ఒంటిని చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు ఎక్కువగా పంపాలి. చెమట వల్ల రక్తంలో నీరు తగ్గుతుంది. ఒక్కో కొట్టుకి గుండె పంపే రక్తం తగ్గి, అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. వాట్లు మారకపోయినా గుండె వేగం మెల్లగా పైకి జారడానికి కారణం ఇదే.

దీన్ని కొలవడం సులువు. నాలుగు గంటలు ఒకే వాట్లతో తొక్కి, మొదటి రెండు గంటలకూ తర్వాతి రెండు గంటలకూ వాట్లను గుండె వేగంతో భాగించాలి. వదిన ఏసీ గదిలో, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టుకుని 107 వాట్లతో తొక్కింది. మొదటి సగంలో సగటు 124, రెండో సగంలో 128. భాగిస్తే 0.863, 0.836 వస్తాయి. తేడా 3 శాతం. ఐదు శాతం లోపు ఉంటే ఆ వాట్లు ఆ దూరానికి మనవేనని అర్థం. అదే వదిన ఆగస్టులో జెడ్డా సముద్రం ఒడ్డున తొక్కినప్పుడు 134 నుంచి 146 కి వెళ్ళింది. తేడా 8 శాతం. ఆమె ఫిట్‌నెస్ ఒక వారంలో పడిపోలేదు, తేడా వాతావరణంలో వచ్చింది.

ఇక్కడే గల్ఫ్‌లో శిక్షణ తీసుకునేవాళ్ళకు ఒక ఉచ్చు ఉంది. వేసవంతా 146 చూసి చూసి అది "నా మామూలు అంకె" అయిపోతుంది. చెర్వియాలో సెప్టెంబరు ఉదయం చల్లగా ఉంటుంది. అక్కడ 146 దాకా గుండెను తీసుకెళ్ళాలంటే వదిన 130 వాట్ల పైన తొక్కాలి. అంటే జెడ్డాలో అలవాటైన గుండె వేగాన్ని ఇటలీకి మోసుకెళ్తే అది పరుగును మింగేస్తుంది. కాబట్టి గుండె వేగం పై హద్దును ఎండలో తొక్కిన రోజుల నుంచి కాక, చల్లని గదిలో చేసిన పరీక్ష నుంచే తీసుకోవాలి. వదినకు సైకిల్ మీద 163లో 85 శాతం, అంటే 138 పై హద్దు. మామూలుగా 125, 130 మధ్య ఉండాలి.

మరో మూడు విషయాలు ఈ అంకెను కదుపుతాయి. నెలసరి చక్రంలో అండం విడుదలైన తర్వాతి రోజుల్లో ఒంటి వేడి అర డిగ్రీ దాకా పెరిగి, గుండె వేగం కొద్దిగా ఎక్కువ చూపుతుంది. శిక్షణ డైరీలో ఆ తేదీలు కూడా రాసుకుంటే రెండు వారాల అంకెల్ని పోల్చేటప్పుడు అనవసరంగా కంగారు పడరు. రెండోది మందులు. బీపీకి వాడే బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని అణిచి ఉంచుతాయి, థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైతే పెంచుతుంది. అవి వాడేవారు ఇక్కడి శాతాలను ముట్టుకోకుండా ముందు డాక్టర్‌ని అడగాలి. మూడోది పరికరం. చేతి గడియారం వెనక వెలిగే దీపం చెమటలో, గతుకుల్లో తప్పు చెప్తుంది. పరుగులో అయితే గుండె వేగం బదులు అడుగుల లెక్కనే చూపించేస్తుంది కూడా. ఛాతీకి కట్టుకునే బెల్టు నమ్మదగినది, ఈత దుస్తుల కిందే కట్టుకుని దిగవచ్చు.

సైకిల్ మీద ఆరున్నర గంటలు

నీళ్ళలోంచి లేచి, పరిగెత్తుకుంటూ వచ్చి సైకిల్ ఎక్కేసరికి గుండె వేగం మామూలు కన్నా పది పదిహేను ఎక్కువ ఉంటుంది. అది ఈత ఉద్వేగం. ఇరవై నిమిషాల పాటు ఆ అంకెను పట్టించుకోకుండా వాట్లను మాత్రమే చూడాలి. వదిన మొదటి అరగంట 100 వాట్ల దగ్గరే ఉండాలి. జనం పక్కనుంచి రయ్యిన వెళ్ళిపోతుంటారు, వెళ్ళనివ్వండి. వాళ్ళలో కొందరు సాయంత్రం మళ్ళీ కనబడతారు.

సైకిల్ కంప్యూటర్ తెర మీద క్షణక్షణం మారే వాట్లు పెట్టుకుంటే అంకె కోతిలా గెంతుతుంది. పది సెకన్ల సగటు పెట్టుకోండి. దాని పక్కన ఎగుడుదిగుళ్ళ భారాన్ని కూడా లెక్కలోకి తీసుకునే NP అనే అంకెను, ప్రతి 30 నిమిషాలకు కొత్తగా మొదలయ్యేలా పెట్టుకోండి. మొత్తం పోటీ సగటు చూస్తే ఇప్పుడు చేస్తున్న పొరపాటు అందులో దాక్కుంటుంది. అరగంట సగటు దాచదు.

బెర్టినోరో లాంటి ఎక్కుడు వచ్చినప్పుడు 107లోనే ఉండాలంటే కుదరదు, సైకిల్ పడిపోతుంది. అక్కడ ఎఫ్‌టీపీలో 85 శాతం దాకా, అంటే 140 వాట్ల వరకు వెళ్ళవచ్చు. లేచి నిలబడి 200 పెట్టి జనాన్ని దాటడం మాత్రం వద్దు. ఎక్కుడు మీద ఆదా అయ్యే ముప్పై సెకన్లకు తొడలు సాయంత్రం వడ్డీతో వసూలు చేస్తాయి. దిగుడులో పెడల్ ఆపి తినడం మేలు.

రెండు గంటలు దాటాక గుండె వేగాన్ని వాట్లతో పాటు చదవడం మొదలుపెట్టాలి. వాట్లు 107లోనే ఉండి గుండె వేగం పది నిమిషాలకు పైగా 138 దాటితే వేడో, నీటి కొరతో కారణం. ఐదు నుంచి ఎనిమిది వాట్లు తగ్గించి, తల మీద, మెడ మీద నీళ్ళు పోసుకుని, తాగి, పావుగంట చూడాలి. దిగి వస్తే అక్కడే కొనసాగండి. రాకపోతే ఆ రోజుకు మీ అంకె 100 అని ఒప్పుకోండి. దీనికి వ్యతిరేకంగా, గుండె వేగం 118కి దిగిపోయి, 107 వాట్లు పెట్టడమే బరువుగా, చిరాకుగా ఉంటే అది విశ్రాంతి కాదు. తిండి తక్కువైందన్న గుర్తు. అప్పుడు కావలసింది పిండిపదార్థం. ఒక పెద్ద మెజూల్ ఖర్జూరంలో 16 నుంచి 18 గ్రాముల దాకా ఉంటుంది. కడుపుకు అలవాటు చేసుకుని ఉంటే జెల్ పక్కన అదీ పనికొస్తుంది, కొత్తగా పోటీ రోజున మొదలుపెట్టకూడదు. వాట్లు 107లోనే ఉండి, గుండె వేగం తక్కువగా ఉండి ఒళ్ళు హాయిగా ఉంటే, అది మాత్రమే మంచి రోజు. చివరి గంటన్నరలో ఐదు వాట్లు పెంచుకోవచ్చు.

గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం, చెమట ఆగిపోయి చలి వేయడం మాత్రం ఈ లెక్కల్లోకి రావు. అవి వస్తే ఆగి వైద్య సిబ్బందిని పిలవాలి.

పరుగు లక్ష్యం మూడు దారుల్లో

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. వదిన పరుగు లక్ష్యాన్ని మూడు వైపుల నుంచి కడదాం. మూడూ ఒకే చోట కలిస్తే అది నిజమైన లక్ష్యం.

మొదటిది, ఆమె విడిగా పరిగెత్తిన మారథాన్. సైకిల్‌ని అదుపులో తొక్కినవాళ్ళకు కూడా పూర్తి దూరంలో మారథాన్ 10 నుంచి 20 శాతం ఎక్కువ సమయం తీసుకుంటుంది. మొదటిసారి చేసేవారు 15 నుంచి లెక్క మొదలుపెట్టాలి. వదిన 4 గంటల 20 నిమిషాలకు 15 శాతం కలిపితే 4:59, 20 శాతం కలిపితే 5:12. "నేను నాలుగున్నరలో ముగిస్తాను" అనుకుంటే అది 4 శాతం మాత్రమే కలిపినట్టు. అది ఆశ, లక్ష్యం కాదు. ఈ లెక్కకు ఒక షరతు ఉంది. మారథాన్ ఏడాది లోపుది అయి ఉండాలి. పదేళ్ళ నాటి హైదరాబాద్ మారథాన్ సమయం పనికిరాదు.

రెండోది, సైకిల్ తర్వాత పరుగు కలిపి చేసే పరీక్ష. పోటీకి మూడు నాలుగు వారాల ముందు, చల్లని గదిలో 107 వాట్లతో ఐదు గంటలు తొక్కి, వెంటనే ట్రెడ్‌మిల్ మీద ఒక గంట పరిగెత్తాలి. వదిన కిలోమీటరుకు 6 నిమిషాల 55 సెకన్ల చొప్పున పరిగెత్తింది. మొదటి ఇరవై నిమిషాల్లో గుండె వేగం 138, చివరి ఇరవైలో 143. ఆమెకు పరుగు పై హద్దు 170లో 85 శాతం, అంటే 145. దాని లోపలే ఉంది కాబట్టి ఆ వేగం నిలుస్తుంది. ఒకవేళ చివర్లో 150 దాటి ఉంటే కిలోమీటరుకు 15, 20 సెకన్లు తగ్గించుకోవాలి, లేదా సైకిల్ వాట్లను తగ్గించాలి.

మూడోది నడక. పరుగు దారిలో నీళ్ళూ తిండీ ఇచ్చే ఎయిడ్ స్టేషన్లు సుమారు ప్రతి రెండు, రెండున్నర కిలోమీటర్లకు ఒకటి ఉంటాయి. అక్కడ నడవడం ఓటమి అని చాలామంది అనుకుంటారు. లెక్క వేద్దాం. వదిన ప్రతి స్టేషన్‌లో 40 సెకన్లు నడిచి తాగింది అనుకోండి. ఆ 40 సెకన్లలో కిలోమీటరుకు పది నిమిషాల నడకతో 67 మీటర్లు కదులుతుంది. అదే దూరం పరుగులో 28 సెకన్లు. నష్టం 12 సెకన్లు. పదిహేడు స్టేషన్లకు కలిపి మూడున్నర నిమిషాల లోపే. బదులుగా కడుపులోకి నీళ్ళు సరిగ్గా దిగుతాయి, గుండె వేగం నాలుగైదు కొట్లు దిగుతుంది. 6:55 చొప్పున 42.2 కిలోమీటర్లు అంటే 4:52, నడక నష్టం కలిపితే 4:55. మరుగుదొడ్డికి ఐదు నిమిషాలు ఇస్తే 5:00.

మొదటి దారిలో 4:59, మిగతా రెండు దారుల్లో 5:00. వదిన లక్ష్యం ఐదు గంటలు.

ఆ ఐదు గంటలు ఎలా గడపాలి

సైకిల్ దిగిన మొదటి ఐదు కిలోమీటర్లు మోసం చేస్తాయి. గంటకు 28 కిలోమీటర్ల వేగానికి అలవాటు పడిన కళ్ళకు పరుగు వేగం నత్తనడకలా కనిపిస్తుంది. రోడ్డు పక్కన జనం చప్పట్లు కొడతారు. వదిన గడియారం 6:10 చూపిస్తుంది, ఆమెకు అలవాటైన మారథాన్ వేగం అది. ఊపిరి హాయిగానే ఉంటుంది. సరిగ్గా అప్పుడే తగ్గించాలి. మొదటి పది కిలోమీటర్లలో 6:55 కన్నా వేగంగా ఒక్క కిలోమీటరు కూడా వద్దు, గుండె వేగం 145 దాటకూడదు. రెండింటిలో ఏది ముందు హద్దు తాకితే దాని మాట వినాలి.

పది నుంచి ముప్పై దాకా గుండె వేగం కొద్దిగా పైకి జారుతుంది, 148, 150 వరకు ఒప్పుకోవచ్చు. ముప్పై దాటాక గుండె వేగాన్ని చూడడం మానేయండి. అప్పటికి కాళ్ళు అలిసి గుండెను పైకి తీసుకెళ్ళలేవు, అంకె తక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి "నాకింకా శక్తి ఉంది" అనుకుంటే పొరపాటు. అక్కడి నుంచి స్టేషన్ నుంచి స్టేషన్‌కి పరిగెత్తడమే ప్లాన్.

ప్లాన్ విరిగిపోతే? దానికీ ముందే లెక్క ఉండాలి. వదిన 25 కిలోమీటర్లు 7:00 సగటుతో, 2 గంటల 55 నిమిషాల్లో వచ్చి అక్కడ కాళ్ళు మొరాయించాయి అనుకుందాం. మిగిలింది 17.2 కిలోమీటర్లు. పూర్తిగా నడకకు దిగితే, పది నిమిషాలకో కిలోమీటరు చొప్పున 2 గంటల 52 నిమిషాలు పడుతుంది, పరుగు మొత్తం 5:47. నాలుగు నిమిషాలు మెల్లగా 7:45 వేగంతో పరుగు, ఒక నిమిషం నడక, ఇలా మార్చి మార్చి చేస్తే సగటు 8:07 వస్తుంది. అప్పుడు 2 గంటల 20 నిమిషాలు, మొత్తం 5:15. అరగంట తేడా ఇది. అందుకే కాళ్ళు పూర్తిగా ఆగిపోకముందే, మొదటి వణుకు దగ్గరే నాలుగు-ఒకటి మొదలుపెట్టాలి.

సైకిల్ మీద పన్నెండు వాట్లతో మిగుల్చుకున్న 16 నిమిషాలు గుర్తున్నాయా? ఆ పదిహేడు కిలోమీటర్లు నడిస్తే పోయేది దాదాపు 52 నిమిషాలు.

వేడి ఇచ్చే బహుమతి

జెడ్డా ఉక్కను ఇంతసేపూ తిట్టాం కాబట్టి దాని మంచి కూడా చెప్పాలి. రెండు వారాల పాటు రోజూ వేడిలో కొద్దిసేపు శ్రమ చేస్తే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది. చల్లని చోటికి వెళ్ళినప్పుడు అదే వాట్లకు గుండె వేగం కాస్త తక్కువగా కనిపించవచ్చు. పోటీకి వెళ్ళేదాకా వారంలో మూడు నాలుగు సార్లు ముప్పావు గంట తేలికపాటి పరుగో సైకిలో బయట చేస్తే చాలు. వాట్లు పట్టుకుని చేయవలసిన పొడవైన తొక్కుడు మాత్రం ఫ్యాన్ ముందే చేయాలి, ఎందుకంటే వేడిలో వాట్లు పడిపోయి కాళ్ళకు రావలసిన శిక్షణ రాదు. చెర్వియాలో తక్కువ గుండె వేగం చూసి వాట్లు పెంచేయకండి. సైకిల్ మీద వాట్లే పై హద్దు, గుండె వేగం రెండో హద్దు.

వదిన ఈ మొత్తం లెక్కను ఒక చిన్న కాగితం మీద రాసి, దాని మీద పారదర్శక టేపు వేసి, సైకిల్ హ్యాండిల్‌కి అంటించుకోవచ్చు. మీ అంకెలు వేరే ఉంటాయి, వరుస మాత్రం ఇదే.

- ఈత: 1:25, ఊపిరి హాయిగా ఉండే వేగం
- మొదటి అరగంట సైకిల్: 100 వాట్లు, గుండె వేగం చూడొద్దు
- తర్వాత: 107 వాట్లు, గుండె వేగం 138 దాటొద్దు
- ఎక్కుడు: 140 వాట్లు మించొద్దు
- గుండె వేగం ఎక్కితే: ఐదారు వాట్లు తగ్గించు, నీళ్ళు
- గుండె వేగం, ఓపిక రెండూ దిగితే: తిను
- పరుగు 1 నుంచి 10: 6:55, గుండె వేగం 145
- ప్రతి స్టేషన్: 40 సెకన్లు నడక
- కాళ్ళు వణికితే: నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక

ఈతకు 1:25, సైకిల్‌కి 6:40, పరుగుకు 5:00, బట్టలు మార్చుకునే రెండు విరామాలకు కలిపి ఒక పావుగంట. మొత్తం 13 గంటల 20 నిమిషాలు. ఉదయం ఏడున్నరకు నీళ్ళలో దిగితే రాత్రి తొమ్మిదికి పది నిమిషాల ముందు గీత దాటుతుంది. పిల్లలు ఇంకా మేలుకునే ఉంటారు.